కొత్త జుట్టు రంగుకి, కనుబొమలకి ఎంత తేడా ఉండొచ్చు?

తుంగభద్ర
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పార్లర్‌లో గ్లోబల్ కలర్, అంటే జుట్టంతటికీ ఒకే రంగు, చేయించుకున్నాను. ట్యూబ్ మీద 6.34 అని ఉంది. నా జుట్టు పుట్టుకతోనే కారు నలుపు, ఇంతకుముందు ఎప్పుడూ రంగు వేయలేదు. నాది చామనఛాయ. కనుబొమలు ఒత్తుగా, నల్లగా ఉంటాయి.

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చూసుకుంటే బాగానే ఉంది. ఎండలోకి వెళ్తే మాత్రం జుట్టు రాగి రంగులో మెరుస్తోంది, కనుబొమలు బొగ్గుతో గీసినట్టు ఉన్నాయి. ఫోటో చూసి మా తమ్ముడు "విగ్గు ఎక్కడ కొన్నావ్" అన్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

పార్లర్ అమ్మాయేమో ఫేస్ బ్లీచ్ అయిదు నిమిషాలు పెడితే కనుబొమలు కూడా కలిసిపోతాయి అంటోంది. మిగిలిన డై కొంచెం డబ్బాలో వేసి ఇచ్చింది, అదే కనుబొమలకి రాసుకోవచ్చా? అసలు జుట్టుకి, కనుబొమలకి ఎంత తేడా వరకు పర్వాలేదు? మూడు వారాల్లో మా పిన్ని కూతురి పెళ్ళి ఉంది.

అమీర్‌పేట్_అక్క
ఇంత కంగారు ఎందుకమ్మా. కనుబొమలు ఎప్పుడూ జుట్టు కన్నా రెండు షేడ్లు ముదురుగానే ఉండాలి, అది రూల్. నీవి ముదురుగానే ఉన్నాయి కదా, ఇంక ఏమీ చేయక్కర్లేదు. పొడి జుట్టుతో కాకుండా స్ట్రెయిట్ చేసుకుని ఫోటో దిగు, బాగుంటావు.

మందులషాపు
రాజమండ్రిలో మెడికల్ షాపు నడుపుతాను. షేడ్ల సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. నేను ఆ డబ్బాలో ఉన్న డై గురించి చెబుతాను.

ముందు అది పారేయండి. డెవలపర్ అనే పెరాక్సైడ్ కలిపేసిన రంగు డబ్బాలో దాచుకునేది కాదు, గంటలోపే దాని పని అయిపోతుంది. మూత గట్టిగా పెడితే ఉబ్బి చిమ్మవచ్చు కూడా. కలపని ట్యూబే ఇచ్చి ఉన్నా కనుబొమలకి వద్దు. మన దేశంలో అమ్మే హెయిర్ డై పెట్టె ఏదైనా తిప్పి చూడండి. కనురెప్పలకి, కనుబొమలకి వాడకూడదు, వాడితే చూపు పోవచ్చు అని హెచ్చరిక ఉంటుంది. పెట్టె మీదా, లోపలి ట్యూబ్ మీదా, ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉండాలని నిబంధన. సన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు.

డైలో రంగు పట్టించే పదార్థాలు, ముఖ్యంగా పీపీడీ అనేది, కొందరికి పడదు. తల మీద దురద వస్తే కడిగేసుకుంటాం. కనుబొమ దగ్గర అయితే ముఖమంతా వాచి కళ్ళు తెరుచుకోవు. చెమటకి కారి కంట్లో పడితే సంగతి వేరేగా చెప్పక్కర్లేదు.

రంగులపెట్టె
వైజాగ్‌లో చాలాకాలంగా హెయిర్ కలర్ పనే చేస్తున్నాను. తుంగభద్రా, ఇంకేం చేయకుండా కొంచెం ఆగు. నీ సమస్య కనుబొమల్లో లేదేమో అని నా అనుమానం.

అమీర్‌పేట్ అక్క చెప్పిన రూల్ సగమే. జుట్టు లేత రంగులో ఉన్నవాళ్ళకి కనుబొమలు ఒకటి రెండు లెవెళ్ళు ముదురుగా ఉంటే బాగుంటుంది. జుట్టు నల్లగా ఉన్నవాళ్ళకి అది తిరగబడుతుంది, వాళ్ళకి కనుబొమలు జుట్టు కన్నా ఒక లెవెల్ లేతగా ఉంటేనే ముఖం కఠినంగా కనిపించదు. ఎటువైపు అయినా రెండు లెవెళ్ళ తేడా కంటికి సహజంగానే ఉంటుంది. మూడు దాటితే "ఈమె రంగు వేయించుకుంది" అని తెలుస్తుంది. అది తప్పేమీ కాదు, కావాలనే అలా ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు నీ 6.34 సంగతి. చుక్కకి ముందున్న అంకె ఎంత లేతో చెబుతుంది. 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత బ్లాండ్. మనవాళ్ళ జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 లోపు. చుక్క తర్వాతవి ఛాయ. 3 బంగారు, 4 రాగి. అంటే నీకు వేసింది బంగారు, రాగి కలిసిన 6. కానీ ముందు బ్లీచ్ చేయకుండా 20 వాల్యూమ్ బలం ఉన్న డెవలపర్‌తో వేసి ఉంటే నల్ల జుట్టు మహా అయితే రెండు లెవెళ్ళు లేస్తుంది. ట్యూబ్ మీద 6 ఉన్నా నీ జుట్టు పొడవంతా 4 దగ్గర ఆగి ఉంటుంది. కనుబొమలు 2 అనుకుంటే తేడా రెండే. అంతలో విగ్గులా కనిపించకూడదు.

అందుకని రెండు విషయాలు చూసి చెప్పు. పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పాపిట తీసి చూడు. మొదటి ఒకటిన్నర సెంటీమీటరు జుట్టు మిగతా దాని కన్నా లేతగా, ఎర్రగా ఉందా? రెండోది, ఏ వాల్యూమ్ వాడారు, రంగు మొదళ్ళకీ చివర్లకీ ఒకేసారి రాశారా?

ఊరికే_చూస్తా
నా అభిప్రాయం చెబుతాను, తిట్టకండి. ఎదుటివాళ్ళ కనుబొమల లెవెల్ ఎవరూ లెక్కపెట్టరు. పెళ్ళిలో అందరూ చీర, నగలు, భోజనం చూస్తారు. నల్ల కనుబొమలతో రంగు జుట్టు ఉన్నవాళ్ళు మెట్రోలో బోగీకి పదిమంది కనిపిస్తారు.

పూలజడ
మైక్రోబ్లేడింగ్ చేయించుకో చెల్లీ. నావి పలచటి కనుబొమలు, క్రితం ఏడాది చేయించాను. లేచీ లేవగానే ముఖం రెడీగా ఉంటుంది, పెన్సిల్ బాధ లేదు. కావలసిన షేడ్ వాళ్ళే కలిపి పెడతారు.

రంగులపెట్టె
పూలజడ గారూ, మీకు పనికొచ్చింది ఎందుకంటే మీవి పలచన. మైక్రోబ్లేడింగ్ చర్మంలో రంగు నింపుతుంది, వెంట్రుక రంగు మార్చదు. తుంగభద్ర కనుబొమలు ఇప్పటికే ఒత్తుగా నల్లగా ఉన్నాయి, కింద ఏ రంగు గీసినా పైన నలుపే కనిపిస్తుంది. పైగా జుట్టు రంగు ఆర్నెల్లకి మారుతుంది, చర్మంలో పెట్టింది ఏడాదికి పైగా ఉంటుంది. వాడిన పిగ్మెంట్‌ని బట్టి అది వెలిసేకొద్దీ ఎరుపుకో బూడిదకో తిరుగుతుంది కూడా. మీది ఏ వైపు తిరిగింది?

పూలజడ
నిజం చెప్పాలంటే కొంచెం ఎరుపు వచ్చింది. టచప్‌కి రమ్మన్నారు, ఇంకా వెళ్ళలేదు.

తుంగభద్ర
@రంగులపెట్టె అక్కా, మీరెలా కనిపెట్టారు! పాపిట దగ్గర వేలి వెడల్పు మేర జుట్టు నారింజలాంటి రాగి రంగులో ఉంది. కిందికి వచ్చేకొద్దీ ముదురు గోధుమరంగు. పార్లర్‌కి ఫోన్ చేసి అడిగాను, 30 వాల్యూమ్ వాడారట. మొదళ్ళ నుంచి మొదలుపెట్టి చివర్ల దాకా ఒకేసారి రాశారు. ముప్పయ్యయిదు నిమిషాలు ఉంచారు.

రంగులపెట్టె
అనుకున్నదే. దీన్ని మేము హాట్ రూట్స్ అంటాం. మాడు వేడికి మొదళ్ళ దగ్గర రంగు చురుగ్గా పనిచేస్తుంది. పైగా అక్కడ వెంట్రుక కొత్తది, రసాయనానికి త్వరగా లొంగుతుంది. చివర్లలో అదే రంగు మెల్లగా పట్టుకుంటుంది. అందుకే మొదటిసారి రంగు వేసేటప్పుడు మొదళ్ళు వదిలేసి ముందు పొడవుకి రాసి, అది సగం పట్టాక మొదళ్ళకి రావాలి. మీ పార్లర్‌లో ఆ వరస తప్పింది.

ఫలితం ఏమిటంటే నీ జుట్టు పొడవు 4 దగ్గర ఉంటే మొదళ్ళు 5 పైన, 6 దగ్గర ఉన్నాయి. కనుబొమలు 2. ఎదుటివాళ్ళు కనుబొమల్ని పోల్చేది భుజాల మీద పడే చివర్లతో కాదు, నుదుటి అంచున ఉన్న జుట్టుతో. ఆ రెండూ ఒకే చూపులో పడతాయి. అక్కడ నీకు మూడు నాలుగు లెవెళ్ళ తేడా వచ్చింది. విగ్గులా అనిపించడానికి కారణం అదే. మొదళ్ళు లేతగా, కింద ముదురుగా ఉండటం ఏ జుట్టుకీ సహజంగా ఉండదు, ఎప్పుడైనా ఎండకి వెలిసేది చివర్లే.

అందుకే మొదళ్ళు వదిలేసి కింద మాత్రమే రంగు వేసే బాలయాజ్ చేయించుకున్నవాళ్ళకి చివర్లు 8 దాకా వెళ్ళినా ఈ గొడవ రాదు. వాళ్ళ మొదళ్ళు నల్లగానే ఉంటాయి కాబట్టి నల్ల కనుబొమలు వాటితో కలిసిపోతాయి. ఊరికే_చూస్తా గారు మెట్రోలో చూసినవాళ్ళలో చాలామంది ఆ బాపతే అయి ఉంటారు.

నా సలహా, కనుబొమల జోలికి పోకుండా మొదళ్ళని కిందికి దింపించు. దీన్ని రూట్ షాడో అంటారు. కొన్ని వారాలకి వెలిసిపోయే, అమ్మోనియా లేని డెమీ పర్మనెంట్ రంగు, లెవెల్ 4, యాష్ అనే బూడిద ఛాయ ఉన్నది తీసుకోవాలి. డెవలపర్ 10 వాల్యూమ్ లేదా అంతకన్నా తక్కువ. పాపిట, నుదురు, చెవుల దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల వరకు రాసి, చివర గీత పడకుండా దువ్వెనతో కిందికి లాగాలి. పది నిమిషాలకి ఒక చోట తుడిచి చూస్తూ ఉండాలి. నారింజ మీద పడేసరికి యాష్‌లోని నీలం దాన్ని చంపి మామూలు గోధుమరంగు చేస్తుంది. యాష్ లేకుండా ఉట్టి 4 వేస్తే ముదురవుతుంది కానీ ఎరుపు లోపలినుంచి తొంగిచూస్తూనే ఉంటుంది.

అమీర్‌పేట్_అక్క
అయితే నేను చెప్పిన రూల్ తప్పా ఒప్పా? మా కజిన్‌కి బర్గండీ వేయించాం. కనుబొమలు అలాగే నల్లగా వదిలేశాం, చాలా బాగుంది.

రంగులపెట్టె
ఒప్పే అక్కా, మీ కజిన్ విషయంలో. బర్గండీ ఎంత ఎర్రగా కనిపించినా లెవెల్ 3, 4 దగ్గరే ఉంటుంది, అంటే ముదురుదనంలో కనుబొమలకి దగ్గరే. అక్కడ మారింది ఛాయ. కనుబొమలకి కూడా బర్గండీ పెడితే రెప్పల దగ్గర చర్మం ఎర్రబడి ఏడ్చినట్టు కనిపిస్తుంది. ఎర్ర జుట్టుకి కనుబొమలు మామూలు గోధుమరంగులో ఉంటే చాలు.

ఊరికే_చూస్తా
ఈ లెవెళ్ళు కంటితో ఎలా కొలుస్తారు? నాకు నాలుగైదూ ఒకేలా కనిపిస్తాయి.

రంగులపెట్టె
మా దగ్గర షేడ్ కార్డు ఉంటుంది, దాని మీది కుచ్చుల్ని పాపిట దగ్గర పెట్టి చూస్తాం. ఇంట్లో అయితే ఒక చిట్కా ఉంది. పగటి వెలుతురులో ఫ్లాష్, ఫిల్టర్ లేకుండా ఫోటో తీసి, ఫోన్‌లోనే దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఎరుపు, బంగారు అన్నీ పోయి ముదురుదనం ఒక్కటే మిగులుతుంది. అందులో నుదుటి దగ్గర జుట్టు, కనుబొమలు ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉంటే పర్వాలేదు. రంగు ఫోటోలో మాత్రమే తేడా కనిపిస్తూ ఇందులో కనిపించకపోతే సమస్య ఛాయది, లెవెల్‌ది కాదు. అదైతే పెన్సిల్ మార్చుకుంటే సరిపోతుంది.

అదే ఫోటోలో చర్మాన్ని కూడా చూడండి. మన చామనఛాయ ముఖాలకి అసలు హద్దు అక్కడ ఉంది. కనుబొమ చర్మం కన్నా స్పష్టంగా ముదురుగా ఉండాలి. జుట్టుతో కలపాలని కనుబొమల్ని చర్మం రంగుకి దగ్గరగా తెస్తే అవి మాయమైపోతాయి, జ్వరం వచ్చి లేచిన ముఖంలా ఉంటుంది. తెల్లటి చర్మం ఉన్నవాళ్ళ వీడియోల్లో లేత కనుబొమలు నప్పుతున్నాయని మనమూ చేస్తే కుదరకపోవడానికి కారణం ఇదే.

డల్లాస్_పద్మ
ఇక్కడ నా జుట్టు లెవెల్ 7 యాష్ బ్రౌన్, మొదళ్ళ నుంచే. కనుబొమలకి రోజూ కలర్ బ్రో జెల్ వాడతాను, చిన్న మస్కారా బ్రష్‌లా ఉంటుంది. మొదట జుట్టు రంగుకి సరిపోయేలా లేత షేడ్ కొన్నాను. నల్ల వెంట్రుకల మీద అది సుద్దపొడిలా తేలింది. తర్వాత మీడియం బ్రౌన్‌కి మారాను, అది ఒక్క లెవెల్ తగ్గించినట్టు కనిపిస్తుంది, అంతే. అంతకన్నా ఆశించకూడదు. పెన్సిల్ అయితే టోప్ అనే షేడ్ తీసుకోండి. బూడిద కలిసిన గోధుమరంగు అది, ఎర్రగా తిరగదు.

ఇంకో మాట. మందులషాపు గారు చెప్పింది ఇక్కడా ఉంది. కనుబొమలకి, రెప్పలకి పీపీడీ లాంటి కోల్ తార్ డైలు వాడటానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. 1933లో ఇక్కడ లాష్ లూర్ అనే రెప్పల రంగు అమ్మేవాళ్ళు, అందులో ఈ పీపీడీయే. దాంతో చూపు పోయినవాళ్ళు ఉన్నారు. సౌందర్య సాధనాల్ని కూడా అదుపులోకి తెస్తూ 1938లో వచ్చిన చట్టానికి అదీ ఒక కారణం. అయినా చాలా సెలూన్లలో బ్రో టింట్ చేస్తూనే ఉంటారు, రాష్ట్రానికో తీరు.

భాస్కర్_విశ్రాంత
ఈ చర్చ ఆడవారిదే అయినా నాకూ సంబంధించిన విషయమే కనుక రాస్తున్నాను. నా వయసు 63. తలకి, మీసానికి నలుపు రంగు వేస్తాను. కనుబొమలు తెల్లబడ్డాయి. రంగు వేసుకున్న ప్రతిసారీ బ్రష్‌కి మిగిలింది కనుబొమల మీద ఒకసారి రాసి రెండు నిమిషాల్లో తుడిచేస్తాను. చాలాకాలంగా చేస్తున్నాను, ఏమీ కాలేదు. కనుక ఈ హెచ్చరికలు మరీ అతిశయోక్తిగా తోస్తున్నాయి. ఒకటే ఇబ్బంది, పది రోజులకే తెల్ల మొనలు కనిపిస్తాయి. ఎక్కువసేపు ఉంచితే నిలుస్తుందా?

మందులషాపు
భాస్కర్ గారూ, ఎక్కువసేపు వద్దు. ఆ రెండు నిమిషాలు కూడా వద్దు. ఇన్నాళ్ళు ఏమీ కాలేదంటే ఇకముందు కాదని అర్థం కాదు. ఈ ఎలర్జీ తీరే అంత. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి ఒకరోజు హఠాత్తుగా మొదలవుతుంది. ఒకసారి మొదలయ్యాక ఇక పోదు, తర్వాత ముందుకన్నా గట్టిగా రావచ్చు.

తలకి వేసే ముందైనా పరీక్ష చేసుకోండి. పెట్టెలోని కాగితం మీద ఉన్నట్టు కొంచెం కలిపి చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి 48 గంటలు చూడాలి. అరగంటలో ఏమీ కాలేదని వదిలేయకండి, ఇది ఆలస్యంగా బయటపడే రకం. తిరునాళ్ళలో వేసే నల్ల మెహందీకి ఎప్పుడైనా చేయి పొక్కిందా? దానిలోనూ తరచుగా పీపీడీయే కలుపుతారు. పొక్కి ఉంటే అసలు పరీక్ష కూడా వద్దు, నేరుగా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

రంగులపెట్టె
పది రోజులకే తెల్లబడటానికి కారణం రంగు నిలవక మాత్రమే కాదండీ. కనుబొమ వెంట్రుక పెరిగే కాలం చాలా తక్కువ, కొన్ని వారాలు పెరిగి ఆగి రాలిపోతుంది, దాని చోట కొత్తది వస్తుంది. అందుకే అది తల వెంట్రుకలా పొడవు పెరగదు. మీరు ఎంతసేపు ఉంచినా కొత్తగా వచ్చేవి తెల్లగానే వస్తాయి.

ఇంకోటి, మీ వయసులో కనుబొమలు కారు నలుపు చేస్తే ముఖం కోపంగా కనిపిస్తుంది. అసలు తలకే నలుపు బదులు లెవెల్ 3 ముదురు గోధుమరంగు వేసుకుని చూడండి. కనుబొమల్లో సగం నెరుపు ఉన్నా అప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించదు.

వనజ_నెల్లూరు
ఇందాకటి నుంచి చూస్తున్నా, కనుబొమల జోలికే పోవద్దంటున్నారు. ఆ పార్లర్ అమ్మాయి చెప్పిన ఫేస్ బ్లీచ్ ఏమంత భూతం కాదు. మా పార్లర్‌లో కనుబొమలకి అదే పెడతాం. మూడు నాలుగు నిమిషాలు. కళ్ళ మీద తడి దూది పెట్టి, చుట్టూ వాసెలిన్ రాస్తాం. ఎవరికీ ఏమీ కాలేదు. కస్టమర్ అడిగింది చేయకపోతే పక్క వీధిలో చేయించుకుంటుంది.

రంగులపెట్టె
వనజ గారూ, మీరు జాగ్రత్తగానే చేస్తున్నారు. కానీ ఆ క్రీమ్ పెట్టె మీద కళ్ళ చుట్టూ, కనుబొమలకి దూరంగా ఉంచమనే రాసి ఉంటుంది. అది ముఖం మీది నూగు కోసం తయారుచేసింది. భద్రత సంగతి పక్కన పెట్టినా రంగు పరంగా నాకు నచ్చదు. నల్ల వెంట్రుక లేచేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. మూడు నాలుగు నిమిషాలకి ఆగేది ఎరుపు గోధుమరంగు దగ్గర. దాన్ని సరిచేయడానికి మళ్ళీ యాష్ టోనర్ పెట్టాలి, అంటే కంటి పక్కన రెండో రసాయనం.

రెండు మూడు వారాలకి కొత్త వెంట్రుకలు నల్లగా మొలుస్తాయి. ఎర్రవాటి మధ్య నల్ల చుక్కలు. త్రెడింగ్ చేయించే అలవాటు ఉంటే మరీ తొందరగా బయటపడుతుంది. త్రెడింగ్ చేసిన రోజే బ్లీచ్ గానీ టింట్ గానీ పెట్టేవాళ్ళని చూస్తే మాత్రం నాకు నిజంగా భయం. దారంతో లాగిన చోట చర్మం పచ్చిగా ఉంటుంది. కనీసం రెండు రోజులు ఆగాలి.

వనజ_నెల్లూరు
త్రెడింగ్ రోజు మేమూ పెట్టం. ఎర్రబడటం నిజమే, కానీ జుట్టు కూడా రాగి రంగే అయినప్పుడు ఎర్రటి కనుబొమ కలిసిపోతుంది కదా? మీరు ప్రతిదానికీ యాష్ అంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళకి యాష్ వేస్తే బూడిద పూసినట్టుందని మళ్ళీ మార్పించుకుంటారు.

రంగులపెట్టె
అది మీరన్నది నిజం, చామనఛాయ మీద యాష్ ఎక్కువైతే ముఖం కళ తప్పుతుంది. తుంగభద్రకి యాష్ చెప్పింది నారింజని చంపడానికి, ఆ నారింజ మీద పడ్డాక అది మామూలు గోధుమరంగే అవుతుంది. కానీ రాగి కనుబొమల విషయంలో మీతో కలవలేను, ఇందాక బర్గండీకి చెప్పిన కారణమే దీనికీ.

తుంగభద్ర
మీరందరూ ఇంత చర్చించాక ఇవాళ చెప్పకపోతే బాగుండదు. పాత పార్లర్‌కి వెళ్ళలేదు. మా ఊళ్ళోనే వేరే సెలూన్‌లో మాట్లాడాను. చెవి వెనక పరీక్ష చేయించుకుని, రెండు రోజులు ఆగి వెళ్ళాను. లెవెల్ 4 యాష్, అంటే 4.1 డెమీ, 10 వాల్యూమ్‌తో పాపిట, నుదురు చుట్టూ వేశారు. పన్నెండు నిమిషాలకి కడిగేశారు.

ముందు ఫోటో, తర్వాత ఫోటో రెండూ నలుపు తెలుపు చేసి పక్కపక్కన పెట్టుకుని చూశాను. ముందుదానిలో నుదుటి మీద జుట్టు దాదాపు నా చర్మం అంత లేతగా ఉంది, కింద రెండు నల్ల గీతలు. తర్వాతదానిలో జుట్టు, కనుబొమలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, కనుబొమలే కొంచెం ముదురు. రంగు ఫోటోలో కిందిభాగం రాగి మెరుపు అలాగే ఉంది, అది నాకు ఇష్టమే. కనుబొమలకి ఏమీ చేయలేదు. తమ్ముడు ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే.

సందేహాలు రెండు. ఈ డెమీ వెలిసిపోయాక మళ్ళీ నారింజ వస్తుందా? ఎండలో కనుబొమలు ఇంకా కాస్త గట్టిగా అనిపిస్తున్నాయి, పద్మగారు చెప్పిన జెల్ వాడితే ఎలా?

రంగులపెట్టె
వెలుస్తుంది. తలస్నానాలని బట్టి నెలా నెలన్నరకి ఆ నారింజ కొంత బయటికి వస్తుంది. ఈలోగా నీ నల్ల మొదలు నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి నుదుటి అంచున మళ్ళీ నలుపే ఉంటుంది. నారింజ పట్టీ మాత్రం కొంచెం కిందికి జరిగి కనిపించవచ్చు. అప్పుడు ఆ పట్టీ మీద ఒక్కసారి మళ్ళీ డెమీ వేయించు. కొత్తగా వచ్చిన నల్ల మొదళ్ళకి 6.34 టచప్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

డల్లాస్_పద్మ
జెల్ బ్రష్‌ని ముందు టిష్యూకి తుడవండి, సీసాలోంచి తీసింది తీసినట్టు రాస్తే ముద్దకడుతుంది. మొదట వెంట్రుకలకి ఎదురుగా ఒకసారి, తర్వాత దువ్వినట్టు ఒకసారి. చర్మానికి తగలకూడదు, వెంట్రుకలకే పట్టాలి. మీ కనుబొమలు 2 కాబట్టి డార్క్ బ్రౌన్ తీసుకోండి, మీడియం కూడా ఎక్కువేమో. పెళ్ళికి వాటర్‌ప్రూఫ్ రకమైతే మంచిది, హోమం దగ్గర చెమట పడుతుంది.

పూలజడ
నా ఎర్ర కనుబొమలకి కూడా ఈ జెల్ పనికొస్తుందా? ఎవరూ చెప్పలేదు.

రంగులపెట్టె
చర్మంలో ఉన్న ఎరుపుని జెల్ కప్పదండీ. పైన టోప్ పెన్సిల్ పలచగా గీసి చూడండి, కొంతవరకు దాగుతుంది. టచప్‌లో ఏ రంగు కలుపుతారో ముందు అడగండి. ఉన్న ఎరుపుని లెక్కలోకి తీసుకోకుండా పైన ఇంకో గోధుమరంగు వేస్తే మరీ చిక్కనవుతుంది.

భాస్కర్_విశ్రాంత
మందులషాపు గారికి. మీ మాట మన్నించి చెవి వెనక రాసి చూశాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రానికి రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడి దురద పెడుతోంది. ఇది దాని వల్లేనా, ఉక్కపోత వల్లా? తలకి ఏనాడూ ఇలా కాలేదే.

మందులషాపు
దాని వల్లే అనుకోవాలి. కనుబొమలకే కాదు, తలకీ మీసానికీ కూడా ఆ రంగు ఆపేయండి. చర్మ వైద్యుడికి చూపించండి, దేనికి పడటం లేదో ప్యాచ్ టెస్ట్ చేసి చెబుతారు. ఈలోగా పీపీడీ లేదని రాసిన మరో డై కొనేసి ప్రయోగం చేయకండి, దానికి దగ్గరి చుట్టాలైన రంగులు అందులో ఉండొచ్చు, కొందరికి అవీ పడవు. ముఖం, కళ్ళు వాచినా, ఊపిరికి ఇబ్బంది అయినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

భాస్కర్_విశ్రాంత
అలాగే. మావాళ్ళ గృహప్రవేశం ఈ నెలాఖరున ఉంది, అంతవరకు తెల్ల తలతోనే తిరగాలన్నమాట. ఆ పద్మగారు చెప్పిన జెల్ మగవాళ్ళు వాడవచ్చునా? దుకాణంలో ఏమని అడగాలి?

డల్లాస్_పద్మ
వాడొచ్చు బాబాయ్ గారూ, కానీ ఆ దురద పూర్తిగా తగ్గాక, డాక్టరుకి చూపించి అడిగాకే. "ఐబ్రో మస్కారా" అని అడగండి, నలుపు వద్దు, గ్రే బ్రౌన్ ఇమ్మనండి. రాత్రి కడిగేసుకోవాలి. తల తెల్లగానే ఉంచేస్తే మాత్రం ఇది కూడా అక్కర్లేదు, రెండూ తెలుపే కదా.